అపార్ట్‌మెంట్ కమిటీలో చేరితే లీడ్ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లుగా డేటాబేస్ పని చేస్తున్నాను. నా కింద ఎవరూ లేరు, ఈ ఉద్యోగంలో ఉండబోరు కూడా. లీడ్ పోస్టులకి వెళ్తే "టీమ్‌ని నడిపిన అనుభవం ఉందా?" అని అడిగి పంపించేస్తున్నారు. మా అపార్ట్‌మెంట్ కమిటీలోకి రమ్మని పిలుస్తున్నారు. అది నిజంగా లెక్కలోకి వస్తుందా? వస్తే ఏ పదవి తీసుకోవాలి?

సమాధానం:

వస్తుంది. కానీ పదవి వల్ల కాదు, మీరు పట్టుకున్న పని వల్ల వస్తుంది. అందుకే ప్రెసిడెంట్, సెక్రటరీ అని ఆలోచించకుండా, మొదటి ఏడాది ఒక్క పనికి సబ్ కమిటీ వేయించి దానికి కన్వీనర్‌గా ఉండండి. ఆ పని ఆరేడు నెలల్లో తేలిపోయేది కావాలి. అందులో కొంత డబ్బు ఉండాలి, నలుగురైదుగురు చేతులు వేస్తేగానీ కాని పని కావాలి, "వద్దు" అనే వాళ్లు కూడా ఉండాలి. ఈ నాలుగూ ఉన్న పని అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

నేనూ తొమ్మిదేళ్లు టెస్టింగ్‌లో ఒంటరిగానే పని చేశాను. లీడ్ అయింది మా అపార్ట్‌మెంట్‌లో చేసిన నీళ్ల మీటర్ల పని తర్వాతే. ఇప్పుడు ఆరేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటున్నాను కాబట్టి బల్లకి రెండు వైపులా ఏం జరుగుతుందో తెలుసు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది రెండు బ్లాకులు, ఐదేసి అంతస్తులు, మొత్తం 80 ఫ్లాట్లు. మార్చి వచ్చేసరికి బోరు తగ్గిపోయేది, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పదివేల లీటర్ల ట్యాంకర్లు మూడు దింపేవాళ్లం. ఒక్కోటి 1,300 రూపాయలు. అంటే నెలకు లక్షా పదిహేడు వేలు, ఫ్లాటుకు దాదాపు 1,460. ఇద్దరున్న ఇంటికీ అంతే, ఏడుగురున్న ఇంటికీ అంతే, తాళం వేసుకుని అమెరికా వెళ్లినవాళ్లకీ అంతే. ప్రతి మీటింగులో ఇదే గొడవ. "ఫ్లాటుకో మీటరు పెట్టండి, ఎవరు వాడింది వాళ్లు కడతారు" అని అందరూ అనేవాళ్లు, ఎవరూ ముందుకు వచ్చేవాళ్లు కాదు. ఎందుకు రావట్లేదో పనిలోకి దిగాక అర్థమైంది.

పాత అపార్ట్‌మెంట్లలో ఒక ఫ్లాటుకు ఒకే పైపు ఉండదు. పైన ట్యాంకు నుంచి ప్రతి బాత్రూముకీ, వంటింటికీ విడివిడిగా పైపులు దిగుతాయి. మా ఇళ్లలో రెండు బాత్రూములు, ఒక వంటిల్లు కలిపి మూడు చోట్ల నీళ్లు వస్తాయి. అంటే 80 ఫ్లాట్లకి 80 మీటర్లు కాదు, 240. వాల్వు, ప్లంబరు కూలీ కలిపి ఒక్కోదానికి రెండు వేలు వేసుకుంటే 4 లక్షల 80 వేలు, ఫ్లాటుకు 6,000. ఆ అంకె చెప్పగానే మీటింగులో సగం మంది వెనక్కి తగ్గారు.

ఆ మీటింగులో నేను అడిగింది ఒక్కటే. "మీటర్లు పెట్టాలా వద్దా అన్నది ఇవాళ తేల్చొద్దు. ముగ్గురు నలుగుర్ని నాకు ఇవ్వండి, రెండు నెలల్లో మూడు కొటేషన్లు, ఖర్చు, వచ్చే లాభం, వచ్చే ఇబ్బందులు ఒక కాగితం మీద పెడతాం. అప్పుడు ఓటు వేయండి." ఈ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించాను. మీరూ ఇదే చేయండి. నోటిమాటగా "మీరు చూసుకోండి" అంటే రెండు నెలల తర్వాత మిమ్మల్ని ఎవరు చూసుకోమన్నారో ఎవరికీ గుర్తుండదు. మినిట్స్‌లో నాలుగు విషయాలు ఉండాలి: ఏ పని, ఎవరెవరు, ఎప్పటిలోగా, ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు. మాకు రెండు నెలల పరిశీలనకి 10,000 రూపాయలు ఇచ్చారు. అది చిన్న మొత్తమే కానీ, పరిమితి రాసి ఉంది కాబట్టి ఆ లోపల ఎవరినీ అడగకుండా నిర్ణయించుకోగలిగాను. ఆఫీసులో దీన్నే బడ్జెట్ అంటారు.

సబ్ కమిటీలో నాతో కలిపి ఐదుగురం. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, బి బ్లాకు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఏ బ్లాకులో అందరికీ తెలిసిన ఒక గృహిణి. ఈ చివరి ఆవిడని నేను పట్టుబట్టి పిలిచాను. ఏ ఇంట్లో ఎప్పుడు మనుషులుంటారో, ఎవరి మాట ఎవరు వింటారో ఆవిడకు తెలిసినంతగా మిగతా నలుగురికీ కలిపినా తెలియదు.

నేను మొదట చేసిన తప్పు

పని ఎలా పంచాలో నాకు తెలియదు. తొమ్మిదేళ్లు నా పని నేనే చేసుకున్న అలవాటు. ఇంటింటికీ తిరిగి ఎన్ని పైపులున్నాయి, మీటరు పెట్టడానికి చోటుందా అన్నది రాసుకురావడం కుర్రాడికి అప్పగించాను. గూగుల్ షీటులో ఎక్కిస్తున్నాడు. కొన్ని చోట్ల "చెక్ చేయాలి" అని వదిలేశాడు. నేను రాత్రి పదకొండింటికి కూర్చుని ఆ గళ్లు నింపేశాను, ఆయన పెట్టిన వరుసలు మార్చేశాను, రంగులు కూడా మార్చాను. మర్నాడు పొద్దున ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "షీట్ మొత్తం మీరే చేస్తున్నారు కదా మేడమ్, ఇంక నేనెందుకు." ఆ సాయంత్రం గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

నాకు చాలా బాధేసింది. ఆఫీసులో అయితే ఆయన వెళ్లడు. జీతం ఉంది కాబట్టి మొహం మాడ్చుకుని ఉంటాడు, నా తప్పు నాకు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. ఇక్కడ జీతం లేదు, అప్రైజల్ లేదు, భయం లేదు. మీరు మనిషిని సరిగ్గా చూసుకోకపోతే వారంలో తెలిసిపోతుంది. స్వచ్ఛందంగా చేసే పనిలో నేర్చుకునేది ముఖ్యంగా ఇదే.

రెండు రోజులు ఆగి ఆయన ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మగారు టీ ఇచ్చారు. "షీటు నీది, నేను ముట్టుకోకుండా ఉండాల్సింది, తప్పయింది" అన్నాను. తర్వాత, "బి బ్లాకులో ఏ లైను ఎప్పుడు బిగించాలి, ప్లంబరు ఏ రోజు రావాలి అన్నది పూర్తిగా నువ్వే నిర్ణయించు. నాకు ప్రతి ఆదివారం సాయంత్రం ఎన్ని అయ్యాయో, ఎక్కడ ఆగిందో చెప్తే చాలు" అన్నాను. వచ్చాడు. చివరిదాకా ఉన్నాడు. షీటులో గళ్లు నింపమనడానికీ, ఒక బ్లాకు మొత్తం అప్పగించడానికీ తేడా అప్పుడే తెలిసింది. చేతికి పని ఇస్తే మనిషి సాయం చేస్తాడు, నిర్ణయం కూడా ఇస్తే బాధ్యత తీసుకుంటాడు.

ఆ తర్వాత మిగతావాళ్లకీ అలాగే పంచాను. కొటేషన్లు, చెల్లింపులు, ఎన్ని లీటర్లకి ఎంత రేటు అన్నది బ్యాంకు ఆవిడది. ఏ బ్లాకు పని గృహిణిగారిది. మీటరు ఏ రకం, ఎక్కడ బిగించాలి అన్నది పెద్దాయనది. నాకు మిగిలినవి రెండే: జనరల్ బాడీకి సమాధానం చెప్పుకోవడం, నలుగురి మధ్యా ఎక్కడైనా ముడిపడితే విప్పడం. మొదట్లో నాకేమీ పని లేనట్టు, తప్పు చేస్తున్నట్టు అనిపించేది. మీకూ అలాగే అనిపిస్తుంది. ఆ సమయంలో షీటు తెరవకండి.

వద్దన్న మనిషితో ఏం చేశామంటే

మీటరు రకం తేల్చాల్సిన పెద్దాయనే మీటర్లకి గట్టిగా అడ్డం తిరిగారు. ఆయనది ఏ బ్లాకు ఐదో అంతస్తు. "అమ్మా, ట్యాంకు నా నెత్తిమీదే ఉంది. దాని అడుగు నుంచి నా షవరు దాకా పట్టుమని పదడుగుల ఎత్తు లేదు. అసలే నీళ్లు సన్నగా వస్తాయి. మీటరు పెడితే అదీ రాదు" అన్నారు. పై అంతస్తులో మరో పదిహేను ఇళ్లవాళ్లు ఆయన వెనక నిలబడ్డారు. 80లో 16 ఓట్లు.

నాకు లోపల టెన్షన్. మిగతా 64 మందితో ఓటు వేయించి నెగ్గేయవచ్చు. కానీ ఆయన చెప్పింది నిజం. కింది అంతస్తులకి ఎత్తు ఎక్కువ కాబట్టి ఒత్తిడి వస్తుంది, ఐదో అంతస్తుకి రాదు. మీటరు లోపల నీళ్లు తోసుకుని వెళ్లడానికి కొంత ఒత్తిడి పోతుంది. అందుకని, "సార్, వాదించుకోవడం ఎందుకు? ముందు మీ ఇంట్లోనే పెడదాం. పెట్టకముందు, పెట్టిన తర్వాత మీరే కొలవండి. మీరు వద్దంటే తీసేస్తాం" అన్నాను. మాకిచ్చిన పదివేల్లోంచి ఆయన లైనుకి, అంటే ఐదు అంతస్తుల్లో ఐదు ఇళ్ల ఒక బాత్రూము పైపుకి, ఐదు మీటర్లు కొని బిగించాం.

కొలత సులువు. పదిహేను లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్. మీటరు లేనప్పుడు ఆయన కుళాయి కింద బకెట్టు 55 సెకన్లలో నిండింది. పెట్టాక 80 సెకన్లు పట్టింది. ఆయన గెలిచినట్టే. కానీ ఆయన ఇంజినీరు, అక్కడితో ఆపలేదు. ఒక ఆదివారం పొద్దున్నే ప్లంబర్ని పిలిపించి మీటరు విప్పించారు. లోపలికి నీళ్లు వచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది, అది మా బోరు ఇసుకతో సగం మూసుకుపోయింది. శుభ్రం చేసి పెడితే 68 సెకన్లకి వచ్చింది. మేం పెట్టింది 15 ఎం.ఎం. మీటరు. "దీని బదులు 20 ఎం.ఎం.ది పెడితే ఇంకా తగ్గుతుంది" అని ఆయనే చెప్పారు. పెట్టి చూస్తే 59 సెకన్లు. మామూలుకీ దానికీ తేడా తెలియలేదు. పై అంతస్తుల్లో 48 మీటర్లు పెద్దవి వేయాలి, ట్యాంకు నుంచి దిగే చోట ఇసుక ఆపే ఫిల్టరు పెట్టాలి. ఫిల్టర్లకి డబ్బు సంఘం దాచిపెట్టిన కార్పస్ నిధి నుంచి తీసుకుందామనుకున్నాం. పెద్ద మీటర్ల వల్ల ఫ్లాటుకు 6,000 కాస్తా దాదాపు 6,400 అయింది.

జనరల్ బాడీలో ఆ కాగితం చదివింది నేను కాదు, ఆయనే. బకెట్టు లెక్కలతో సహా చెప్పారు. 80 ఫ్లాట్లలో 61 మంది వచ్చారు, 52 మంది సరే అన్నారు. పై అంతస్తువాళ్లలో ఒక్కరే వద్దన్నారు.

ఇంటర్వ్యూల్లో నన్ను గట్టెక్కించింది ఈ బకెట్టు కథే. అది తర్వాత చెప్తాను.

బిగించడానికి అనుకున్న ఆరు వారాల బదులు పది వారాలు పట్టింది. అద్దెకున్నవాళ్లు తలుపు తీస్తారు కానీ డబ్బు ఓనరు కట్టాలి, ఓనరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. 11 ఫ్లాట్ల నుంచి డబ్బు రావడానికి రెండు నెలలు పట్టింది. "ముందు పని కానీయండి, తర్వాత ఇస్తాను" అన్నవాళ్లకి బ్యాంకు ఆవిడ ఒకటే చెప్పింది: డబ్బు వచ్చిన లైనుకే మొదట బిగిస్తాం. ఒక లైనులో ఒక్కరు ఆగితే పక్కవాళ్లే ఫోను చేసి అడిగేవాళ్లు. ఆ ఆలోచన పూర్తిగా ఆవిడదే.

మొదటి నెల రీడింగులు తీస్తే, తాళం వేసి ఉన్న ఒక ఫ్లాటులో 9,000 లీటర్లు నడిచింది. తలుపు తీయించి చూస్తే ఫ్లష్ ట్యాంకు కారుతోంది. శబ్దం కూడా రావట్లేదు, గోడ వెంబడి సన్నటి ధార. అలాంటివే మరో ఆరు దొరికాయి. మరుసటి వేసవిలో మూడు ట్యాంకర్ల చోట రెండు సరిపోయాయి. ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి కాబట్టి ఇదంతా మీటర్ల వల్లేనని చెప్పలేను. ఇంటర్వ్యూలోనూ ఇలాగే చెప్పాను, మీరూ ఇలాగే చెప్పండి. వచ్చిన ఫలితంలో మన వాటా ఎంతో నిజాయితీగా చెప్పేవాళ్లని ప్యానెల్ నమ్ముతుంది.

దీన్ని ఉద్యోగానికి ఎలా చూపించాలి

మొదటిసారి నేను చెడగొట్టుకున్నాను. రెజ్యూమెలో "80 కుటుంబాల సంఘానికి నాయకత్వం" అని రాశాను. ప్యానెల్లో ఒకాయన, "మీకు రిపోర్ట్ చేసింది ఎంతమంది?" అన్నారు. నలుగురు అని చెప్పాల్సింది, తడబడ్డాను. ఆ తర్వాత ఆయన నా మిగతా మాటలు కూడా అనుమానంగానే విన్నారు. 80 ఫ్లాట్లు మీ టీమ్ కాదు. వాళ్లు మీరు సమాధానం చెప్పుకోవాల్సినవాళ్లు. మీ టీమ్ ఆ నలుగురే. చిన్న సంఖ్యే నిజమైనది, దానికే విలువ.

రెండోసారి ఇలా రాశాను: "అపార్ట్‌మెంట్ నీటి మీటర్ల సబ్ కమిటీ కన్వీనర్. ఐదుగురి బృందం, సుమారు 5 లక్షల ఖర్చు, 240 మీటర్లు, పది వారాలు. పని మరొకరికి అప్పగించి తప్పుకున్నాను." రెజ్యూమె చివర్లో హాబీల కింద కాదు, అనుభవం కిందే రాశాను. దాని పక్కన "స్వచ్ఛందంగా" అన్న మాట స్పష్టంగా పెట్టాను. అది దాస్తే మోసం చేసినట్టవుతుంది.

లీడ్ పోస్టుకి మేం అడిగే ప్రశ్నలు చూడ్డానికి చాలా ఉంటాయి కానీ వాటి వెనక మేం తెలుసుకోవాలనుకునేవి మూడే. మీ మాట కాదన్నవాళ్లతో ఏం చేశారు? సరిగ్గా చేయని మనిషితో ఏం చేశారు? మీరు తీసుకున్న ఏ నిర్ణయం తప్పయింది? ఈ మూడింటికీ ఒంటరిగా పనిచేసినవాళ్ల దగ్గర సంఘటనలు ఉండవు, అభిప్రాయాలే ఉంటాయి. "అందరినీ కలుపుకుని పోతాను" అంటారు. అది మాకు పనికిరాదు. నా దగ్గర బకెట్టు ఉంది, గ్రూపులోంచి వెళ్లిపోయిన కుర్రాడున్నాడు, రాత్రి పదకొండింటికి నేను మార్చేసిన షీటు ఉంది. వాటిని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ప్యానెల్లో మిగతా సమయమంతా ఆ పెద్దాయన గురించే అడిగారు.

వివరాలు మర్చిపోతాం కాబట్టి ప్రతి ఆదివారం ఐదు లైన్లు రాసి పెట్టుకోండి: ఈ వారం ఏం తేల్చాం, ఎవరు కాదన్నారు, ఏమన్నారు, నేనేం చేశాను, ఏమైంది. వాళ్లన్న మాటలు వాళ్ల మాటల్లోనే రాయండి. ఏడాది తర్వాత ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు ఆ నోటుబుక్కే మీ తయారీ. కొటేషన్లు పోల్చిన కాగితం, తీర్మానం ఉన్న మినిట్స్ పేజీ కాపీ కూడా దాచండి. ఎవరూ చూపించమనరు, కానీ అంకెలు తప్పకుండా చెప్పగలుగుతారు.

దీనికి ఒక హద్దు ఉంది. అప్రైజల్ రాయడం, ఉద్యోగంలోకి తీసుకోవడం, తీసేయడం కమిటీలో నేర్చుకోలేరు. అవి అడిగితే లేదనే చెప్పండి. పదిమంది మీద మేనేజర్ పోస్టుకి ఈ అనుభవం ఒక్కటే సరిపోదు. నలుగురైదుగురున్న టీమ్‌కి లీడ్‌గా తీసుకోవడానికి సరిపోతుంది. బయటి కంపెనీ కంటే మీ కంపెనీలోనే వేరే టీమ్‌లో అడగడం తేలిక. మీ సాంకేతిక పని ఎలాంటిదో వాళ్లకి ముందే తెలుసు, లోటు ఈ ఒక్కటే. నాకూ అలాగే వచ్చింది, కమిటీలో చేరిన ఏడాదిన్నరకి.

ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదట బైలా అడిగి చదవండి. చాలా సంఘాల్లో కమిటీలో ఉండాలంటే ఓనరు కావాలి. మీరు అద్దెకుంటే కమిటీలో చోటు దొరక్కపోవచ్చు, సబ్ కమిటీలో ఉండటానికి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు. సంఘం చట్టప్రకారం రిజిస్టరై ఉందా, ఏటా కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తున్నారా చూడండి. గత రెండేళ్ల ఆడిట్ లెక్కలు చూపించమనండి. "అవెందుకు ఇప్పుడు" అంటే, లేదా బిల్డరుతో కార్పస్ గురించి కోర్టులో కేసు నడుస్తుంటే, లేదా పాత కమిటీ కొత్త కమిటీకి బ్యాంకు పుస్తకం ఇవ్వకుండా కూర్చుంటే, ఆ సంఘంలోకి వెళ్లకండి. అక్కడ మీరు నేర్చుకునేది గొడవపడటమే.

డబ్బు సంగతిలో నాకు ఒకే నియమం: సంఘం రూపాయి ఒక్కటి కూడా మీ సొంత ఖాతాలోకి రాకూడదు. "అర్జెంటుగా మీ నంబరుకి ఫోన్‌పే చేస్తాం మేడమ్, తర్వాత సర్దుకోండి" అంటారు. వద్దు. సంఘం ఖాతా క్యూఆర్ కోడ్ నోటీసు బోర్డు మీద అంటించండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి, అందులో మీది లేకపోయినా పరవాలేదు. ప్లంబరుకి ఇచ్చిన ఐదొందలకి కూడా రసీదు ఉండాలి. మా ప్రాజెక్టులో ఒకసారి ఒకాయన గ్రూపులో "కమిషన్ ఎంత తిన్నారు" అని పెట్టాడు. బ్యాంకు ఆవిడ పది నిమిషాల్లో మూడు కొటేషన్లు, అన్ని బిల్లుల ఫోటోలు గ్రూపులో పెట్టింది. ఆయన మెసేజ్ తీసేశాడు. ఆ కాగితాలు లేకపోతే నిజాయితీగా చేసినా నిరూపించుకోలేం.

సమయం వారానికి నాలుగైదు గంటలు పడుతుంది, బిగించే నెలల్లో పది దాకా. ఆఫీసు వేళల్లో కమిటీ ఫోన్లు ఎత్తకండి. కమిటీ పని కోసం మీ అసలు పని కుంటుపడితే లీడ్ పోస్టు మాట ఎత్తే ధైర్యం కూడా ఉండదు. మీ కంపెనీలో బయట సంఘాల్లో పదవి ఉంటే తెలియజేయాలన్న నియమం ఉందేమో హెచ్ఆర్‌ని అడిగి, ఉంటే ఒక మెయిల్ పెట్టేయండి.

ట్రెజరర్ పదవి ఇస్తామంటే తొందరపడకండి. అది మంచి పనే కానీ ఎక్కువభాగం ఒక్కరే కూర్చుని బకాయిల వెంట పడటం, మీకిప్పటికే ఉన్న అలవాటు అదే. ప్రెసిడెంటు పదవికి పార్కింగు తగాదాలూ, పెంపుడు కుక్కల తగాదాలూ వస్తాయి, మొదలూ చివరా ఉన్న పని దొరకదు. సబ్ కమిటీ పని ఒకటి ముగించాక రెండో ఏడాది సెక్రటరీగా వెళ్లవచ్చు. అజెండా వేయడం, మీటింగు నడపడం, మినిట్స్ రాయడం అక్కడ నేర్చుకుంటారు.

మీ అపార్ట్‌మెంట్ ఇందుకు పనికిరాదని తేలితే, నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ చూడండి. ప్రతి క్లబ్‌కీ ప్రెసిడెంటు నుంచి మొదలుపెట్టి ఏడుగురు ఆఫీసర్లు ఉంటారు, సాధారణంగా పదవీకాలం జూలై 1న మొదలవుతుంది. అక్కడ డబ్బు తక్కువ, గొడవలూ తక్కువ, కాబట్టి నేర్చుకునేదీ కొంచెం వేరు. మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘమైనా ఫర్వాలేదు, ఒక తేదీకి జరిగి తీరాల్సిన పని దొరికితే.

ఇంకొకటి, ఎలా తప్పుకోవాలన్నది మొదలుపెట్టేటప్పుడే అనుకోండి. మీటర్లు బిగించాక ప్రతి నెలా 240 రీడింగులు ఎవరు తీస్తారు? మేం మొదటి రెండు నెలలు మేమే తీశాం. తర్వాత వాచ్‌మన్‌కి నేర్పించాం. ఆయన చదువుకోలేదు, అంకెలు మాత్రం వచ్చు. మీటరు ఫోటో తీసి ఫ్లాటు నంబరు చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. దానికి సంఘం నెలకు 1,500 అదనంగా ఇచ్చేలా తీర్మానం చేయించాం. జల్లెడ మూడు నెలలకోసారి కడగాలి, ఏ ఫ్లాటుకి పెద్ద మీటరు ఉంది, కొత్త మీటరు ఎక్కడ దొరుకుతుంది అన్నవన్నీ రెండు పేజీలు రాసి, లామినేట్ చేయించి ఆఫీసు గదిలో పెట్టాం. నేను ఆ పని వదిలి ఆరేళ్లు దాటింది, రీడింగులు ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తున్నాయి.

మీకు ఇప్పుడు చేయాల్సిన పని చిన్నది. రమ్మన్న కమిటీవాళ్ల దగ్గరికి వెళ్లి, గత ఏడాది మీటింగుల మినిట్స్ పుస్తకం ఒక రోజు ఇంటికి ఇమ్మనండి. మూడు మీటింగుల్లో వరసగా వచ్చి, మూడుసార్లూ వాయిదా పడ్డ విషయం ఏదో చూడండి. లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టు కావచ్చు, టెర్రస్ కారడం కావచ్చు, ఎలక్ట్రిక్ బండ్లకి చార్జింగ్ పాయింట్లు కావచ్చు. అదేమిటో, మీవి ఎన్ని ఫ్లాట్లో, ఎవరు ఎందుకు అడ్డం చెప్తున్నారో ఇక్కడ రాయండి, ఎక్కడ మొదలుపెట్టాలో మళ్లీ మాట్లాడుకుందాం.